కనబడలేదని ఎందుకు చెప్పలేదు సార్?

రామసుబ్బమ్మ తువ్వాలును బల్ల మీద పరిచింది. తెల్ల తువ్వాలు మీద రూపాయి బిళ్లంత నెత్తుటి మరకలు మూడు.

"టీబీ కాదంటివే! ఇదేంది మరి?"

ముదిగుబ్బ మండలంలోని ఆ ఊరి విలేజ్ క్లినిక్‌లో ప్రశాంతి నాలుగేళ్లుగా పనిచేస్తోంది. బత్తలపల్లె దగ్గర శెనక్కాయలు పండించే రైతు కూతురు. నర్సింగ్ చదివింది. డాక్టరు నెలకు రెండుసార్లు వస్తాడు, మిగతా రోజులన్నీ క్లినిక్ ఆమెదే. ఊళ్లో ఎవరికి షుగరు ఎంతో, ఎవరు మాత్రలు దాచిపెట్టి మింగినామని చెబుతారో ఆమెకు తెలుసు. కోపం తొందరగా వచ్చే మనిషి అని కూడా ఊరికి తెలుసు. కానీ ఆ రోజు రామసుబ్బమ్మ ముందు ఆమె గొంతు తగ్గించింది.

"మామ యాడున్నాడత్తా?" అంది, ఊళ్లో అందరినీ పిలిచినట్టే వరస కలిపి.

"ఇంట్లో పడుండాడు. గొర్రెల ఎనక పోలేకుండా ఉండాడు. నువ్వు చెప్పినావని నమ్మి అయిదు వారాలు మందలో తిరిగినాడు గదా!"

రామసుబ్బమ్మ మొగుడు నారాయణప్ప. యాభై ఎనిమిదేళ్లు, నూటపది గొర్రెలు. నెలన్నరగా దగ్గుతూ మొదటిసారి క్లినిక్‌కు వచ్చినప్పుడు ప్రశాంతి చేయాల్సిందే చేసింది. మూత ఉన్న డబ్బా ఇచ్చి, పొద్దున్నే గట్టిగా దగ్గి లోపలి కళ్లె తీసుకురమ్మంది. ఆయన నోట్లో ఉమ్మి తెచ్చాడు. ఇది ఉత్త ఉమ్మి, పరీక్షకు పనికిరాదు, మళ్లీ పంపమని ల్యాబు వాళ్లు చెప్పారు. ఈలోగా ఆయన కొడుకు తిప్పేష్ ధర్మవరం తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మ్ ఇచ్చారు కానీ, దాన్ని చూసి రాసిన కాగితం ఇవ్వలేదు.

ప్రశాంతి ఆ ఫిల్మ్‌ను ఎడమ చేత్తో ట్యూబ్‌లైటు కింద పట్టుకుని, కుడి చేత్తో ఫోన్లో ఫోటో తీసింది. బయట పదిమంది వేచి ఉన్నారు. చెయ్యి కదిలింది. ఎలా వచ్చిందో కూడా చూసుకోకుండా విష్ణువర్ధన్ సారుకు పంపింది. ఉద్యోగంలో చేరే ముందు ఆరు నెలల శిక్షణలో ఊపిరితిత్తుల పాఠాలు చెప్పిన డాక్టరు ఆయన. ఇప్పుడు రిటైరై విశాఖపట్నంలో ఉన్నారు. శిష్యులకు ఏ సందేహం వచ్చినా ఫోన్లోనే తీరుస్తారు. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది: "పెద్దగా ఏమీ లేదమ్మా. నెమ్ములా ఉంది. అయిదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చి చూడు."

ఆమె మందు ఇచ్చింది. "టీబీ కాదంట మామా" అని కూడా చెప్పింది. కళ్లె కోసం మళ్లీ ఇవ్వాల్సిన రెండో డబ్బా సంగతి మరచిపోయింది.

తువ్వాలు చూసిన రోజే ఆమె 108కు ఫోన్ చేసింది. నారాయణప్పను ఆసుపత్రిలో చేర్చి మంచి కళ్లె తీయిస్తే, మర్నాటికి కళ్లె పరీక్ష చేసే మిషన్ చెప్పింది: టీబీ. మామూలు మందులకు లొంగే రకమే. అదొక్కటే ఊరట. ఆయన బరువు నలభై ఒక్క కిలోలు.

ప్రశాంతి ఆ ఇంటికి పోయి అందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గినారా? కోడలు మూడేళ్ల పాపను ఒళ్లో పెట్టుకుని ఉంది. ఈ అయిదు వారాలూ పాప తాత పక్కనే పడుకుందని కోడలు చెప్పింది. అది విన్నప్పుడు ప్రశాంతికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అంటే ఒక్కరి మీద కాదు.

వాళ్ల దగ్గర తీసుకున్న నారాయణప్ప పాత ఎక్స్‌రే ఫిల్మ్‌ను ఇంటికొచ్చి బయటికి తీసింది. ఈసారి కిటికీ అద్దానికి తెల్ల కాగితం అంటించి, దాని మీద ఫిల్మ్ ఆనించి, ఫోన్ ఫ్లాష్ ఆపి, రెండు చేతులతో నిలకడగా పట్టుకుని ఫోటో తీసింది. పేరు, కుడి ఎడమల గుర్తు, నాలుగు మూలలూ పడ్డాయి. కుడి ఊపిరితిత్తి పైభాగాన మబ్బు లాంటి మచ్చ, దాని నడుమ గుండ్రటి డొల్ల. పాత ఫోటోలో సరిగ్గా ఆ చోటే ట్యూబ్‌లైటు మెరుపు తెల్లగా పడి ఉంది.

రెండు ఫోటోలనూ ప్రింటు తీయించి, ఉత్తరం రాసి, స్పీడ్ పోస్టులో పంపింది. ఫోన్లో పెడితే ఆయన మళ్లీ నాలుగు నిమిషాల్లో జవాబిస్తారని భయం.

"సార్, మొదటి ఫోటో నేను పంపినది. చెడ్డ ఫోటో. ఆ తప్పు నాది. రెండోది అదే ఫిల్మ్. మీరే చూడండి. మొదటి దాంట్లో కుడివైపు పైన ఏమీ కనబడదు. కనబడనిదాన్ని చూసి ఏమీ లేదని ఎట్ల చెప్పినారు? కనబడలేదని ఎందుకు చెప్పలేదు సార్? నేను పదో తరగతి పిల్లనా, మీరు తిడితే ఏడ్చేదానికి? మళ్లీ తీయమని చెప్పింటే పది నిమిషాల పని. ఇప్పుడొక మనిషి నెత్తురు కక్కినాడు. మూడేళ్ల పాపకు జబ్బు అంటిందో లేదో పరీక్షలకు తిప్పుతున్నాను. మీ మాట మీద నాకు ఎంత నమ్మకమంటే, చేతిలో ఉన్న డబ్బాను మరచిపోయినాను. ఆ నమ్మకం మీద ఇప్పుడు కోపంగా ఉంది. మీ మీద కూడా."

ఆరో రోజు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు. ప్రశాంతి టీకాల బాక్సు సర్దుతోంది.

"ఉత్తరం అందిందమ్మా. చాలా ఘాటుగా రాశావు."

"రాసినాను సార్."

"నేను టీబీ కాదని ఎక్కడా అనలేదు. నా మెసేజ్ మళ్లీ చూసుకో."

ఆమె చేతిలోని ఐస్ ప్యాక్‌ను బాక్సులోకి విసిరికొట్టింది.

"అనలేదు సార్. పెద్దగా ఏమీ లేదన్నారు. ఈ ఊళ్లో దానికి అర్థం ఒకటే."



"పెళ్లిలో ఉన్నాను ఆ రోజు. భోజనాల దగ్గర. కళ్లజోడు కూడా లేదు" అన్నారాయన. "చూడకుండా చెప్పాను. అది తప్పు. కానీ ఇంకో మాట కూడా చెప్పాలి, నీకు కోపం వచ్చినా సరే. ఆ ఫోటో అద్దంలా ఉన్నా, నేను మచ్చ లేదన్నా కూడా, నెలన్నర దగ్గుకు నువ్వు కళ్లె పరీక్ష ఆపకూడదు. క్లాసులో మొదటి రోజు చెప్పానా లేదా?"

చెప్పారు. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"తెలుసు సార్" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి శిష్యుల గ్రూపులో సారు రెండు ఫోటోలూ పెట్టారు. పేషెంటు పేరు తీసేశారు, తన పేరు దాచలేదు. కింద రాశారు: "మొదటిది చూసి తప్పు చెప్పింది నేను." జవాబుగా నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ప్రశాంతి ఏమీ పెట్టలేదు.

పాపకు జబ్బు లేదని తేలింది. రాకుండా మందు మొదలుపెట్టారు. నారాయణప్ప రోజుకు మూడు మాత్రలు మింగుతున్నాడు. మొదటి వారం వాంతులు, ఎర్రటి మూత్రం. మాత్రల వల్లేనని ప్రశాంతి చెప్పేదాకా ఆయన మళ్లీ నెత్తురే అనుకుని వణికిపోయాడు. రెండు నెలలకు కళ్లెలో క్రిములు కనబడలేదు. మూడున్నర కిలోలు పెరిగాడు. "ఇంగ గొర్రెల కాడికి పోతా తల్లీ" అన్నాడు నవ్వుతూ.

"ఇంకా నాలుగు నెలలు మింగల్ల మామా. బాగయినాదని ఒక్కరోజు మానినా నేనూరుకోను."

మాత్రలకు రామసుబ్బమ్మే వస్తుంది. మాత్రల అట్టలు తీసుకుంటుంది, లెక్క చూసుకుంటుంది, పోతుంది. ప్రశాంతితో మాట్లాడదు. ఒకరోజు మాత్రం గడప దగ్గర ఆగి, ఆమె వైపు చూడకుండానే, "మా చెల్లెలు బయమ్మ గూడా దగ్గుతాండాది. రేపు పిల్చుకొస్తా. ఫోటోలు గీటోలు తీయద్దు" అంది.

"ముందు కళ్లె డబ్బా ఇస్తానత్తా" అంది ప్రశాంతి. "ఇదో, ఇప్పుడే తీసుకపో."