సూర్రావుకి దొరికిన ఫోటో

సూర్రావు గురించి రాయమంటే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, తరవాతే కలం కదులుతుంది. అతను చెడ్డవాడైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి. చెడ్డవాడు కాడు. అదే నా బాధ.

కొల్లేరు నడుమ ఒక లంకలో పుట్టాడు. తండ్రి జోగయ్య వల వేసేవాడు, తల్లి పెద్దింటమ్మ ఆ చేపలు గంపకెత్తుకుని ఏలూరు దాకా తెచ్చి అమ్మేది. వానాకాలంలో ఊరి చుట్టూ నీళ్ళే కనక బడికి దోనెలో వెళ్ళేవాడట. అలా చదివి చదివి బి.ఎస్సీ. పాసై, మా ఏలూరు కాలేజీ ఫిజిక్సు లేబరేటరీలో నాతోపాటు డిమాన్‌స్ట్రేటరుగా చేరాడు. నా పేరు గంగాధరరావు, మాది దెందులూరు. మార్కులు నాకే ఎక్కువ. ఎవరూ అడగరు కనక నేనే చెబుతున్నాను.

అతను రాకముందు ఆ లేబరేటరీకి నేనే దిక్కు. వచ్చిన నెల తిరక్కుండా అందరికీ సూర్రావే కావాలి. కుర్రాళ్ళు నా బల్ల దాటుకుని వెళ్ళి అతన్ని అడిగేవారు. ప్రిన్సిపాలు గారింట్లో రేడియో మూగబోతే కబురు అతనికే వచ్చేది. కాంటీన్లో అయ్యరు అతనికి కాఫీ గ్లాసు నిండా పోసేవాడు, నా గ్లాసులో నురగ ఉండేది. ఏమిటయ్యా ఈ మనిషిలో ఉన్నది? పొడుగా, అందగాడా అంటే ఏదీ కాదు. గట్టిగా నవ్వుతాడు, అంతే! ఆ నవ్వు పక్క గదిలోంచి వినిపిస్తే నేను లేచి తలుపు వేసేసేవాణ్ణి.

పైగా నాతో ఎంత మర్యాదో! "ఏవండీ గంగాధరరావు గారూ, ఈ మీటరు కొంచెం చూసి పెడతారా? మీ చెయ్యి పడితే గానీ ఇది మాట వినదండీ" అనేవాడు. నేను చూసి పెట్టేవాణ్ణి. పళ్ళు నూరుకుంటూ చూసేవాణ్ణి.

యాభై ఎనిమిదిలో తాడేపల్లిగూడెంలో ఒక కొత్త కాలేజీ తెరుస్తామని, ఫిజిక్సుకి ఒక లెక్చరరు కావాలని మా ప్రిన్సిపాలుకి కబురొచ్చింది. మా ఇద్దరిలో ఒకరిని పంపుతామన్నారు. లెక్చరరు! డిమాన్‌స్ట్రేటరు అనే మాట పలకలేక మా అత్తగారు నన్ను "లేబరేటరీ ఆయన" అనేది. మా ఆవిడ సత్యవేణి పుట్టిల్లు కూడా గూడెమే. ఏలూరు పవరుపేటలో ఒక్క గదిలో పొగకి కళ్ళు నులుముకుంటూ వంట చేసే మనిషి, ఆ కబురు విన్న రోజునుంచీ పెట్టె సర్దడమొక్కటే తక్కువ. ఆ ఉద్యోగం నాది. నాదే కావాలి.

ఎంపిక చేయడానికి విశాఖపట్నం నుంచి వెంకట్రాజు గారని ఒక పెద్దాయన వచ్చారు. కూడా కరెంటు ఎగుడుదిగుళ్ళని తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోపు ఒకటి, ఒక చెక్క పెట్టె తెచ్చారు. పెట్టెలో రెండు ఫ్లిప్‌-ఫ్లాపులు. ఫ్లిప్‌-ఫ్లాపంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. రేడియోలో ఉండేలాంటి రెండు వాల్వులని ఒకదానికొకటి అడ్డం కట్టేస్తారు. ఒకటి పని చేస్తుంటే రెండోది ఊరుకోవాలి. ఒక పల్సు, అంటే చిన్న కరెంటు దెబ్బ, తగిలితే రెండూ తారుమారవుతాయి, మళ్ళీ పల్సు తగిలేదాకా అలాగే ఉంటాయి. తెర మీద గీత పైన ఉంటే ఒకటి, కింద ఉంటే సున్నా అనుకుంటాం. పెట్టెలో రెండున్నాయి కనక వాటి స్థితులు నాలుగు. ఒక్కో స్థితికి ఒక్కో దీపం: సున్నా-సున్నాకి ఎరుపు, సున్నా-ఒకటికి పసుపు, ఒకటి-సున్నాకి ఆకుపచ్చ, ఒకటి-ఒకటికి నీలం.

ఆసిలోస్కోపు ఒక్కటే, దాని తెర మీద కనిపించే గీతా ఒక్కటే. అందుకని ముందురోజు మా ఊరి స్టూడియో మొహిద్దీన్ గారిని పిలిపించి, గది చీకటి చేసి, గీతని కిందికి జరుపుతూ ఒకే గాజు పలక మీద మూడుసార్లు ఫోటో తీయించారు. పైన పల్సులు, మధ్య మొదటి ఫ్లిప్‌-ఫ్లాపు, కింద రెండోది. రెండు కాపీలు వేయించి, పక్కన సిరాతో పేర్లు వెంకట్రాజు గారే రాశారు.

"ఈ ఫోటో చూసి స్టేట్ టేబులు కట్టండి. ఇప్పుడున్న స్థితేమిటి, పల్సు తగిలాక వచ్చే స్థితేమిటి, వెలిగే దీపమేది. ఎరుపుతో మొదలుపెట్టి దీపాల వరస రాయండి. పెట్టె ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారాయన.

రెండు ఫోటోలూ బల్ల మీద ఉన్నాయి. సూర్రావు చెయ్యి ఎడమవైపు దాని మీదికి వెళ్ళడం చూశాను. అతనికి కావలసిందంటే అదేదో మంచిదై ఉంటుంది. చటుక్కున నేనే లాగేసుకున్నాను. అతను నవ్వి రెండోది తీసుకున్నాడు.

నాది అద్దంలా ఉంది. ప్రతి పల్సుకీ మొదటిది మారుతోంది. మొదటిది పైనుంచి కిందికి పడినప్పుడల్లా రెండోది మారుతోంది. రెండోదాని అంకె ముందు, మొదటిదాని అంకె వెనక రాసుకుంటూ పోయాను. సున్నా-సున్నా తరవాత సున్నా-ఒకటి. దాని తరవాత ఒకటి-సున్నా. ఆపైన ఒకటి-ఒకటి. మళ్ళీ సున్నా-సున్నా. దీపాలు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, మళ్ళీ ఎరుపు. స్కేలు పెట్టి గళ్ళు కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

సూర్రావు ఇంకా ఫోటోనే చూస్తున్నాడు. ఏటవాలుగా పట్టుకున్నాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు, తల గోక్కున్నాడు. అబ్బ, ఎంత ఆనందమేసిందో! తల గోక్కో నాయనా, ఇంకా గోక్కో అనుకున్నాను. చివరికి ఏదో గిలికి ఇచ్చాడు.

వెంకట్రాజు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కనుబొమలు ఎగరేశారు. నా వరసకి అతని వరస సరిగ్గా ఎదురు: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. ఆయన పెట్టెకి దీపాలు తగిలించి, మెల్లమెల్లగా పల్సులు ఇచ్చారు. ఎరుపు వెలిగింది. పసుపు! ఆకుపచ్చ! నీలం! నాదే! సత్యవేణీ, పెట్టె సర్దుకోవే అని అక్కడే అరవాలనిపించింది.

"సూర్రావు గారూ, మీది తప్పినట్టుందే" అన్నారు వెంకట్రాజు గారు, కాస్త జాలిగా.

"ఫోటో అలాగే చెబుతోందండీ. కింద ఇంకో ముక్క రాశాను, చూడండి."

ఆయన చూశారు. పైకే చదివారు. "ఈ ఫోటో ప్రకారం వరస ఇదే. కానీ ఫోటో కుడిఎడమలుగా తిరగబడిందని నా అనుమానం. అసలు వరస ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం కావాలి." చదివి, అతని ఫోటో తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "ఎలా కనిపెట్టారు?"

"గీత పైకి లేచేటప్పుడు ఒక్కసారిగా పైదాకా పోదండి. ఎగిరి, చివర్లో గుండ్రంగా వంగుతూ మెల్లగా సర్దుకుంటుంది. అంటే ఆ వంపు పల్సు తగిలాకే ఉండాలి కదండీ. ఇందులో పల్సు రాకముందే గీత కిందికి వంగడం మొదలెట్టింది. వాన పడకముందే గొడుగు తడిసిపోయినట్టుంది. ఇంకోటండీ, ఈ వాల్వులు కిందికి పడే దెబ్బకే తిరుగుతాయి. ఇందులో మొదటిది పైకి లేచినప్పుడు రెండోది మారుతోంది. అలా మారదు కదండీ."

వెంకట్రాజు గారు రెండు ఫోటోలూ ఎదురెదురుగా పెట్టారు. నిజమే, ఒకటి రెండోదానికి అద్దంలో నీడ. పేర్లు స్వయంగా రాసిన ఆయనకే తెలియలేదు.

మొహిద్దీన్ గారిని పిలిపించారు. ఆయన చూసి నాలిక కరుచుకున్నారు. "రెండో కాపీకి గాజు పలక తిరగేసి పెట్టేశానండి. ఆడోళ్ళ ఫోటో అయితే పమిట కుడి భుజానికి పోద్ది, ఇట్టే తెలిసిపోద్ది. ఈ గీతలకి పమిటేదండీ బాబూ!"

అందరూ నవ్వారు. సూర్రావు నవ్వు అందరికంటే గట్టిగా వినబడింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను?

అప్పుడు వెంకట్రాజు గారు నా వైపు తిరిగారు. "మీ టేబులంతా కరెక్టేనండీ గంగాధరరావు గారూ. మీ ఫోటో సరిగ్గానే ఉందని మీకెలా తెలిసింది?"

"ఇచ్చారు కదండీ" అన్నాను.

"మేం ఇచ్చాం, మీరు రాశారు."

"అవునండి."

"మంచిది" అన్నారు. కలం మూత పెట్టుకున్నారు. ఆ మూత శబ్దం విన్నాక నాకిక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

చెప్పండి, ఇదేం న్యాయం? నా జవాబు ఒప్పు. దీపాలు నేను రాసినట్టే వెలిగాయి. అందరూ చూశారు! తప్పు ఫోటో అందినవాడు గూడెం వెళ్తాడు, సరైన ఫోటో అందినవాడు ఏలూరులో మీటర్లు తుడుస్తాడు. ఆ తిరగబడ్డ ఫోటో నాకొచ్చి ఉంటే నేను కనిపెట్టేవాణ్ణి కాదా? కనిపెట్టేవాణ్ణే. ఆ వంపులు నాకూ కళ్ళున్నాయి కనక కనబడేవే.

వరండాలో సూర్రావు నా వెనకాలే వచ్చాడు. "అదృష్టం అంటే నాదేనండీ. మీరు తీసుకున్న ఫోటోకే నేను చెయ్యి చాపాను. అదే నాకొచ్చుంటే మీలాగే రాసేసి ఊరుకునేవాణ్ణి. మిమ్మల్నే పంపేవారేమో" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. అతనికి ఎగతాళి రాదు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసి అవతల పారెయ్యాలనిపించింది గానీ, "కంగ్రాచ్యులేషన్స్ అండీ" అన్నాను.

ఇంటికొచ్చేసరికి సత్యవేణి వాకిట్లోనే నుంచుంది. కాళ్ళకి నీళ్ళిచ్చింది.

"ఏవండీ, ఏమైంది? సరిగ్గా రాశారా?"

"అక్షరం పొల్లుపోకుండా రాశాను. నేను రాసినట్టే దీపాలు వెలిగాయి."

ఆవిడ మొహం చాటంతయింది. "మరి సూర్రావు గారో?"

"ఆయనకి తప్పు ఫోటో వచ్చింది."

"అయ్యో పాపం!" అంది నిజంగా బాధపడుతూ. "ఎంత మంచాయనో. పోనీ, మనం గూడెం వెళ్ళేముందు ఒకసారి భోజనానికి పిలుద్దామండీ."

"పిలు" అన్నాను, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని. "త్వరగా పిలు. సోమవారం వెళ్ళిపోతున్నాడు."