ఆదివారం చేరిన మెసేజ్

గుడివాడలో తనూజ చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ల వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది, నెల తిరిగేసరికి జీతం పడుతుంది, కాబట్టి ఏదో బ్యాంకు పనే అయ్యుంటుందని తీర్మానించేశారు. అసలు పని, ఒక కోచింగ్ యాప్‌కి వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాయడం. ఏడు రోజులు ఉచితం అనగానే పిల్లలు ఎగబడి చేరతారు, ఆటోపేకి ఒప్పుకుని పిన్ కొడతారు, ఆపడం మర్చిపోతారు. ఎనిమిదో రోజున ఏడాది చందా కట్. ఇక మొదలు ఉత్తరాలు. ఒకడికి జ్వరం, ఒకత్తెకు పరీక్షలు, ఇంకొకడి ఫోను బాత్రూం బకెట్లో పడింది.

వీళ్లందరి నోరు మూయించడంలో తనూజది అందెవేసిన చెయ్యి. కంపెనీ ఇచ్చిన నమూనాలో "ముందురోజు రిమైండర్ పంపాం" అని ఉంటుంది. పంపామంటే ఊరుకుంటారా? మాకు రాలేదంటారు. అందుకని తనూజ "ఫలానా రోజు, ఫలానా టైముకి మీ ఫోనుకు చేరింది" అని రాసేది. అంతే, మళ్లీ మాట్లాడేవాళ్లు కాదు. ఆ తెలివికి తనను తానే మెచ్చుకునేది కూడా.

ఒకరోజు దుర్గ అనే డిగ్రీ అమ్మాయి నుంచి మెయిల్ వచ్చింది. సముద్రం ఒడ్డున, పాలకాయతిప్ప దగ్గర పల్లె.

"మేడమ్ గారికి నమస్కారం. సోమవారం పొద్దున మా నాన్న తన ఫోన్లో పిన్ కొట్టి నన్ను ట్రయల్లో చేర్చారు. ఆదివారానికల్లా వచ్చి నేనే ఆపేస్తాలే అన్నారు. వేటకెళ్లి తిరిగి రాలేదు. డబ్బులు కట్ అయిపోయాయి. దయచేసి వాపసు ఇవ్వండి."

ఆరోజుకది ముప్ఫయ్యో ఉత్తరం. తిరిగి రాలేదంటే ఆలస్యమైందనుకుంది తనూజ. "ఆదివారం సాయంత్రం నాలుగు పన్నెండుకి రిమైండర్ మీ నాన్నగారి ఫోనుకు చేరింది. కాబట్టి రీఫండ్ కుదరదు" అని రాసి, టీ తాగడానికి కిందకి వెళ్లింది.

రెండ్రోజులకు జవాబు వచ్చింది.

"మేడమ్, డబ్బులు వద్దు. నాన్న బుధవారమే బోటు మీంచి సముద్రంలో పడిపోయారని తోటివాళ్లు చెప్పారు. నెలయింది. మనిషి దొరకలేదు. ఫోను కవర్లో చుట్టి మొలలోనే ఉంది. లోపల సముద్రంలో టవర్ ఉండదు, ఆదివారం మెసేజ్ చేరిందంటే ఆయన గట్టు మీద ఉన్నట్టే అంటోంది అమ్మ. పెద్దలు పెట్టిన పెద్దకర్మ ఆపించేసింది. ఫోను ఎక్కడుండగా చేరిందో చెప్పగలరా?" కింద ఫోన్ నంబరు ఉంది.

తనూజ వెంటనే దుర్గ నాన్న గణపతి నంబరు తాలూకు రికార్డు తెరిచింది. మొదటి గడిలో "పంపబడింది", పక్కన టైము. ఇన్నేళ్లలో తను ఏనాడూ తొంగిచూడని రెండో గడిలో "చేరలేదు, గడువు ముగిసింది."

పైఅధికారి గిరీష్‌కి ఫోన్ చేసింది. "రిమైండర్ చేరకపోతే రీఫండ్ ఇచ్చేయడం మన రూలే గదా. ఇచ్చెయ్. సారీ మెయిల్ పెట్టు, అయిపోతుంది" అన్నాడతను.

మెయిల్ పెడితే చాలని ఆమెకూ అనిపించింది. కానీ మెయిల్ పెట్టే కదా ఇంత చేసింది. దుర్గ మెయిల్ కింద ఉన్న నంబరుకి చేసింది. దుర్గ ఎత్తింది. సంగతి చెప్పింది.

"నేను చెప్పలేనండీ. అమ్మకి మీరే చెప్పండి" అంది దుర్గ.

ఫోన్లో గాజుల చప్పుడు వినిపించింది. దుర్గ తల్లి సంతోషమ్మ.

"అమ్మా, తప్పు నాదండీ. మెసేజ్ పంపాం గానీ ఆ ఫోనుకు చేరలేదు. చూడకుండా చేరిందని రాశాను."

"టైము కూడా రాశావు గదమ్మా. నాలుగు పన్నెండని."

"అది పంపిన టైమండీ."

"ఆ రోజు చేరిందన్నావు. ఈ రోజు చేరలేదంటున్నావు. ఏది నమ్మమంటావు?"

తనూజ ఏడ్చేసింది. అవతలావిడ ఏడవలేదు.

"డబ్బులు ఆయన ఖాతాలోకే వస్తాయంట గదా. వచ్చినట్టు మెసేజ్ ఆయన ఫోనుకే పెడతారా?"

"అవునండీ."

"అయితే పెట్టమ్మా. చేరితే నాకు చెప్పు. అప్పటిదాకా నేను గాజులు తియ్యను."

రీఫండ్ ఆ వారంలోనే వెళ్లింది. మెసేజూ వెళ్లింది. తనూజ జవాబుల్లో ఇప్పుడు "చేరింది" అన్న మాట ఉండదు. జనం ఎదురు తిరుగుతున్నారని గిరీష్ విసుక్కుంటాడు, విసుక్కోనీ. రోజూ లాగిన్ కాగానే ఆమె ముందు గణపతి నంబరుకి వెళ్లిన రీఫండ్ మెసేజ్ రికార్డు తెరుస్తుంది. "చేరలేదు, గడువు ముగిసింది." గడువు తీరాక అది ఇక మారదని ఆమెకు తెలుసు. అయినా, ఈసారైనా చూడకుండా చెప్పకూడదని, రెండో గడి దగ్గర వేలు పెట్టి చదువుతుంది.