మా అమ్మ పాట, వాళ్ల హక్కు

మా అమ్మ కాఫీ పళ్లు కోస్తూ పాడేది. తేనెటీగల్ని తిట్టే పాట, వాన పంపడంలో ఆలస్యం చేసిన కొండను దెప్పే పాట, తాగొచ్చిన మొగుణ్ణి ఆటపట్టించే పాట. అన్నీ మా భాషలోవే. చర్చిలో మాత్రం పెదవి కదిపేది కాదు. అక్కడ పాడాలంటే పుస్తకం చూడాలి, ఆమెకు చదువు రాదు. అరకులో బస్సు దిగి కొండెక్కి నడవాల్సిన ఊరు మాది. ఆమె గొంతు ఆ కాఫీ తోట దాటి వెళ్తుందని మేమెవరమూ అనుకోలేదు.

నాకు ఆశ్రమ పాఠశాలలో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒకాయన కెమెరాతో వచ్చాడు. పట్నం మనిషి, మర్యాదస్థుడు. మా ఇంట్లోనే ఉన్నాడు, మాతోపాటే చోడి అంబలి తాగాడు. అమ్మ వెంట తోటకు వెళ్లి ఆమె పాటలు తీసుకున్నాడు. వెళ్లేటప్పుడు, "మీకు తప్పకుండా చూపిస్తానమ్మా" అన్నాడు. తర్వాత నేను సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా అమ్మ అడిగేది:

"ఏటే గుంటా, ఆ బాబు తీసిన బొమ్మ ఒచ్చిందేటి?"

రాలేదు. ఒక వానాకాలం మలేరియా తలకెక్కి అమ్మ పోయింది. ఆమె బొమ్మ అంటూ మాకు మిగిలింది రేషన్ కార్డు మీద ఉన్నది ఒక్కటే. అందులో ఆమె కళ్లు మూసుకుని ఉంటుంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు అరకులో నెట్ సెంటర్లు వచ్చాయి. మా స్కూల్లో పనిచేసే మరో టీచరు ఒకరోజు పరుగున వచ్చి, మీ అమ్మలాంటి ఆవిడ నెట్‌లో పాడుతోందని చెప్పింది. సంతరోజు వెళ్లి కూర్చున్నాను. వీడియో నాలుగు మాటలు పాడి ఆగేది, గుండ్రంగా తిరిగేది, మళ్లీ పాడేది. కరెంటు పోతే మొదటికొచ్చేది. అయినా అది అమ్మే. బుట్ట నడుముకు కట్టుకుని, తేనెటీగల్ని తిడుతూ, మధ్యలో కెమెరా వైపు చూసి నవ్వు ఆపుకుంటోంది. పక్క కుర్చీల్లో పిల్లలు పరీక్ష ఫలితాలు చూసుకుంటున్నారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

"అన్నా, దీన్ని సీడీలో ఎక్కించి ఇస్తావా?" అని నెట్ సెంటర్ ఆయన్ని అడిగాను.

ఆయన వెంటనే తల అడ్డంగా ఊపాడు. అంతకుముందు సినిమా సీడీలు అద్దెకిచ్చేవాడు. దొంగ కాపీలని పోలీసులు రైడు చేసి సామానంతా పట్టుకుపోయారట.

"దించడం బేగి అయిపోద్ది టీచరమ్మా, సాఫ్టువేరుంది. ఆ సైటోడు ఒప్పుకోడు. నువ్వే సదువుకో."

చదివాను. ఇంగ్లీషులో పొడవాటి నిబంధనలు. వీడియోను సైటులోనే చూడాలి. సైటు వాళ్లే డౌన్‌లోడ్ బటన్ పెడితే తప్ప, లేదా హక్కుదారులు అనుమతిస్తే తప్ప దించుకోకూడదు. ఈ వీడియో కింద అలాంటి బటన్ లేదు. అది సైటుకూ చూసేవాళ్లకూ మధ్య ఒప్పందం. కాపీరైటు వేరే సంగతి. అది వీడియో తీసినవాడిది. పెట్టిందీ మా ఇంటికొచ్చిన ఆ కెమెరా ఆయనే, కింద ఆయన పేరుంది.

"మా అమ్మ కదా" అన్నాను.

"నాను కాదన్నానేటి? ఇంట్లో సూసుకోడానికి ఒక్క కాపీ అంటే నీ మీదకి ఎవుడూ తగువుకి రాడు. ఆయన్నే ఓపాలి అడిగి సూడు. ఒప్పుకుంటే ఆయన కాడున్న అసలు కాపీయే పంపుతాడు. సైటుతో పనే ఉండదు."

నాకు అది సబబుగా తోచింది. అమ్మ పేరు, ఊరి పేరు చెప్పి, ఆమె చనిపోయిందని, ఇంట్లో చూసుకోవడానికి ఒక్క కాపీ కావాలని, ఎవరికీ ఇవ్వనని, అమ్ముకోనని ఆయనకు సైటులోనే సందేశం పంపాను. సంతరోజులు చాలా గడిచాయి. ప్రతిసారీ వెళ్లి ముందు అమ్మను చూసేదాన్ని, తర్వాత జవాబు కోసం చూసేదాన్ని.

చివరికి వచ్చింది. మా ఇంట్లో అంబలి తాగిన మనిషి రాసినట్టు లేదు. ఈ వీడియో తన సినిమాలో భాగమనీ, హక్కులు ఒక కంపెనీకి ఇచ్చేశాననీ, కాపీ ఇచ్చే వీలు లేదనీ రాశాడు. కింద ఇంకో వాక్యం ఉంది. దీన్ని దించుకుని అరకు దారిలో టూరిస్టులొచ్చే గుహల దగ్గర సీడీలుగా అమ్ముతున్నారని తనకు తెలిసిందట. "ఇంట్లో చూసుకోవడానికే అని అందరూ అంటారు" అని ముగించాడు.

అమ్మ పోయిందని రాశాను. దాని గురించి ఒక్క మాట లేదు.

పార్వతీపురంలో మాకు చర్చి ద్వారా తెలిసిన లాయరు ఒకాయన ఉంటే వెళ్లి కలిశాను. ఆయన పుస్తకం తీసి ఓపిగ్గా చెప్పాడు.

"సొంత వాడకానికి చట్టంలో మినహాయింపు ఉందమ్మా. కానీ అందులో పుస్తకాలు, నాటకాలు, సంగీతం, గీసిన బొమ్మలు అని ఉంది. సినిమా అన్న మాట లేదు. వీడియో కూడా చట్టం లెక్కలో సినిమాయే. కన్నతల్లి పాట దాచుకుందని కూతురి మీద ఎవరూ కేసు పెట్టరు. పెట్టినా జడ్జి నవ్వుతాడు. కానీ అది నీ హక్కని మాత్రం నేను రాసివ్వలేను."

"పాడినావిడకి ఏ హక్కూ లేదాండీ?"

"ఉంది. పాడేవాళ్లకీ హక్కుంది. వాళ్లు ఒప్పుకోకుండా రికార్డు చేయకూడదు. అయితే సినిమాలో వాడుకోడానికి ఒకసారి ఒప్పుకున్నాక, ఆ సినిమా మీద ఆ హక్కు చెల్లదు. మీ అమ్మ ఒప్పుకుందా?"

కెమెరా పెడితే నవ్వింది. ఆ బొమ్మ కంపెనీకి పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పలేదని రుజువు చేయడానికి ఆమె లేదు.

తిరుగు బస్సులో తేల్చుకున్నాను. అమ్ముకోను, పంచను, ఇంకో సైటులో పెట్టను. ఒక కూతురు ఒక కాపీ ఇంట్లో దాచుకుంటే ఆయనకు గానీ కంపెనీకి గానీ తరిగేదేమీ లేదు. సైటు నిబంధన తప్పినందుకు ఆ సైటు నన్ను రానివ్వకపోతే పోనీ. ఇది చట్టం మాట కాదు, నా మాట. నెట్ సెంటర్ ఆయనతో అదే అన్నాను. ఆయన కుర్చీ ముందుకు లాగి, "సరే, కూకో" అన్నాడు.

పేజీ తెరిచాడు. అమ్మ ఉండాల్సిన చోట నల్లటి గడి, దాని మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం. ఈ వీడియోను పెట్టినవారే తొలగించారు.

"అడక్కుండా దించేసుకుంటే బాగుణ్ణు టీచరమ్మా. నానే నీకు అడ్డం పడ్డాను" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మేమిద్దరం పద్ధతిగా నడిచాం, అంతే.

మర్నాడు గుహల దగ్గరికి వెళ్లాను. వెదురు బొమ్మలు, కాఫీ పొడి పొట్లాల పక్కన సీడీలు వేలాడుతున్నాయి. అట్ట మీద ఎవరో సినిమా అమ్మాయి గిరిజన వేషంలో ఉంది. కాఫీ తోటలో పాడే ఆవిడ పాట ఇందులో ఉందా అని అమ్మేవాణ్ణి అడిగితే, "ఉంది, మంచి బీటుంటదమ్మా, టూరిస్టులు ఎగబడి కొంటన్నారు" అన్నాడు. ఎవరినీ ఏమీ అడగని వాడి దగ్గర మా అమ్మ గుట్టలుగా ఉంది. కొన్నాను. దొంగ సరుకని తెలిసే కొన్నాను.

స్కూలు టీవీలో పెట్టి మా పిన్నికి చూపించాను. బొమ్మ మసకగా ఉంది. పాట కింద కీబోర్డు దరువు కలిపారు. అమ్మ ఊపిరి తీసుకునే చోటల్లా టకటకమని మోత. తేనెటీగల తిట్లు సగంలో కోసేసి మొదటి లైనే నాలుగుసార్లు తిప్పారు. పిన్ని కళ్లు చికిలించి చూసింది.

"ఇది మా అప్పే గానీ, ఆ దరువేటే? అదెప్పుడు అలాగ పాడింది? కట్టీయే" అంది.

కట్టేశాను.

చాలా ఏళ్ల తర్వాత చట్టం మారిందని పేపర్లో చదివాను. సొంత వాడకం మినహాయింపులోకి సినిమాలు, రికార్డింగులు కూడా వచ్చాయట. మంచిదే. ఇప్పటి పిల్లలకు పనికొస్తుంది. ఆ రోజు పేపరు మడిచి పక్కన పెట్టి, బడికి వెళ్లిపోయాను.