వానకి మెమో ఇవ్వలేరు

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో వర్క్ ఇన్‌స్పెక్టరు గోవింద్ రిబ్బన్లు కత్తిరించడం చూశాడు, శిలాఫలకాలు చెక్కడం చూశాడు, ఫలకం మీద పేరు రెండో వరసలో పడిందని పెద్దమనుషులు అలగడం చూశాడు. పూర్తయిన రోడ్డు నుంచి ఆఫీసు ఏదైనా నేర్చుకోవడం మాత్రం చూడలేదు. అందుచేత "నేర్చుకున్న పాఠాల నివేదిక పంపండి" అని ఉత్తరం వచ్చినప్పుడు, అది పొరపాటున జిల్లా విద్యాశాఖకి పోవలసిన ఉత్తరం అనుకున్నాడు.

పొరపాటేమీ లేదు. గజపతినగరం అవతల ఏడు కిలోమీటర్ల రోడ్డుకి అప్పిచ్చిన బ్యాంకువాళ్లే అడిగారు. మొదటి దశ ముగిసింది, రెండో దశలో ఇంకో తొమ్మిది కిలోమీటర్లు వేయాలి. ఈలోగా బాగా సాగినవి ఒక పేజీలో, బెడిసికొట్టినవి ఇంకో పేజీలో రాయమన్నారు. ఒక్కో పేజీకి మూడే గళ్లు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, వచ్చే దశలో ఏం చేయాలి. తప్పెవరిదని వాళ్లు అడగలేదు. అడగకపోయినా చెప్పడం మన ఆఫీసుల మర్యాద. సబ్ డివిజన్ ఆఫీసు ఆ పట్టికకి స్వయంగా నాలుగో గడి గీసింది: "కారకుల పేరు, హోదా."

ఆ గడి పుట్టిన క్షణంలోనే రెండో పేజీ చచ్చిపోయింది. డీఈ వెంకటరావు గారు బాగా సాగిన పేజీలో పదకొండు అంశాలు చెప్పి రాయించి, పదకొండింటికీ కారకుడిగా తన పేరే వేయించుకున్నారు. బెడిసికొట్టిన పేజీలో ఒక్కటే అంశం: అకాల వర్షం. కారకుల గడిలో ఒక గీత. వానకి హోదా లేదు, మెమో ఇస్తే సంతకం పెట్టి పుచ్చుకోదు. ఇంత అనుకూలమైన ముద్దాయి ఇంకెక్కడ దొరుకుతాడు?

నివేదిక టైపు చేస్తున్నది ఏఈ నీలవేణి. ఉద్యోగంలో చేరి రెండేళ్లే కాబట్టి ఇంకా రాసింది చదివే అలవాటు పోలేదు.

"గోవింద్ గారూ, మూడో కిలోమీటరు దగ్గర రోడ్డు కోసుకుపోయింది అక్టోబరులో కదా. అక్టోబరులో వాన అకాలమెలా అవుతాదండీ?"

"మన ఆఫీసుకి ఏ వానైనా అకాలమే మేడమ్."

ఆమె నవ్వలేదు. "శుక్రవారం రెండో దశ ఎస్టిమేటు పైకెళ్లిపోతాది. అందులో రోడ్డుకి అడ్డంగా పారే గెడ్డలు అయిదున్నాయి. సర్వే మళ్లీ ఎండాకాలంలోనే చేశారు. మూడో కిలోమీటరు కల్వర్టు నీళ్లు రాని చోట ఎందుకు పెట్టారో మీకేమైనా తెలుసా?"

తెలుసు. తెలియడమే గోవింద్‌కి వచ్చిన చిక్కు.

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో సర్వే కుర్రాళ్లు లెవెల్స్ తీస్తుంటే, దారి చూపించినవాడు ఆయనే. మూడో కిలోమీటరు దగ్గరి ఊరి గెడ్డ ఎండిపోయి ఉంది. ఎండిన గెడ్డ అంటే ఊరికి ఉచితంగా దొరికిన కళ్లం. పక్క పొలం దానమ్మ అందులో నిలువెత్తు గడ్డికుప్ప వేసింది. అవతల అరవై మీటర్ల దూరంలో ఏదో పల్లం కనబడింది. కుర్రాళ్లు మ్యాపు చూసి, పల్లం చూసి, "నీళ్లు ఇటేనా?" అని అడిగారు. నెత్తిన ఎండ మాడుస్తోంది, టిఫిను అరిగిపోయింది. "ఇటే" అన్నాడు గోవింద్.

దానమ్మ ఊరుకోలేదు. "ఒరే తమ్ముడా, గెడ్డ ఇక్కడున్నాది! కుప్పేసినామని గెడ్డ సచ్చిపోద్దేటి?"

"వానొచ్చినప్పుడు సూద్దాంలే అప్పా," అన్నాడాయన. సాయంత్రం సైటు రిజిస్టరులో నిజాయితీగానే రాసుకున్నాడు: "నీరు కుప్ప దగ్గరే వచ్చునని స్థానికురాలు చెప్పెను." పై అధికారి ఆ వాక్యం మీద ఎర్ర టిక్కు పెట్టారు. చదివినట్టు కాదు, పేజీ తిప్పినట్టు.

వానొచ్చింది. అందరూ చూశారు. నీళ్లకి మ్యాపు చదవడం రాదు కాబట్టి పాత దారినే వచ్చి, రోడ్డుకి అడ్డం పడి, కట్టెక్కి అటువైపు దూకాయి. రోడ్డు పక్క మట్టి బెర్ము కోసుకుపోయింది, తారు అంచు విరిగి వేలాడింది. అరవై మీటర్ల అవతల కొత్త కల్వర్టు గొట్టాల్లో మేకలు వానకి తడవకుండా నిలబడ్డాయి. దానమ్మ వరి నాలుగు రోజులు నీళ్లలో మునిగి కుళ్లింది.

ఆ రిజిస్టరు గోవింద్ బీరువాలోనే ఉంది. తెచ్చి నీలవేణి ముందు పెట్టాడు. ఆమె చదివి తలెత్తింది.

"ఇది రాస్తే నాలుగో గడిలో మీ పేరు రాయాలండీ."

"రాయకపోతే అయిదు గెడ్డల కాడా మేకలకి ఇళ్లు కట్టినట్టవుతాది. రాసేయండి."

అంత తేలిగ్గా అన్నాడు గానీ, పోయేది తేలికైనది కాదు. ముప్పయ్యేళ్లలో ఒక్క మెమో లేని మనిషి. అదొక్కటే ఆయన ఆస్తి, మిగతావాళ్లకి స్థలాలున్నాయి.

మర్నాడు కాగితాలు వెంకటరావు గారి బల్ల మీదికి వెళ్లాయి. రెండో పేజీలో కొత్త అంశం చూడగానే ఆయన ముఖం ముడుచుకుంది. నాలుగో గడికి రాగానే విచ్చుకుంది.

"ఏటయ్యా గోవిందూ, నువ్వే ఒప్పుకున్నావా?"

"నేనే సార్ ఇటే అని సెప్పింది."

"రాతలో ఇస్తావా?"

"ఇచ్చేసినాను సార్."

"మంచివాడివయ్యా!" అన్నారాయన మనస్ఫూర్తిగా. నిజం అంటే ఆయనకి వ్యతిరేకత ఏనాడూ లేదు. దానికి తగినంత చిన్న హోదా దొరకాలి, అంతే. రిజిస్టరులో ఎర్ర టిక్కు పెట్టినవారెవరో ఆయన అడగలేదు. ఆ టిక్కు సొంత చేతిదని గుర్తుండే ఉంటుంది.

ఆయన నాలుగో గడి తప్ప ఇంకేదీ చదవరని నీలవేణి అప్పటికే కనిపెట్టింది. బాగా సాగిన పేజీలో "అత్యాధునిక పద్ధతిలో సిమెంటు రోడ్డు క్యూరింగ్" అని డీఈ గారు చెప్పిన అంశం ఒకటుంది. నిజానికి ఊరి మధ్య వేసిన సిమెంటు రోడ్డు మీద సిమెంటు గట్టిపడేదాకా తడి ఆరకుండా కాంట్రాక్టరు తడి గోనెలు పరిస్తే, రెండు రోజుల్లో గోనెలన్నీ ఇళ్లలోకి నడిచిపోయాయి. అప్పుడు దానమ్మ, ఊడుపుల కూలీలు కలిసి రోడ్డు మీద మట్టి గట్లు వేసి మడులు కట్టారు. పద్నాలుగు రోజులు చుక్క నీరు జారలేదు. తర్వాత రోడ్డులోంచి కోర్ ముక్కలు తీసి పరీక్షిస్తే ఒక్కటీ తప్పలేదు. నీలవేణి మూడో గడిలో చల్లగా రాసింది: "వచ్చే దశలోనూ ఊడుపుల కూలీలతోనే మడులు కట్టించాలి." గెడ్డ పక్కన మూడో గడిలో ఇంకొకటి: "వాన పడుతుండగా, ఆ ఊరి రైతుని వెంటబెట్టుకుని గెడ్డలన్నీ నడిచి చూశాకే కల్వర్టు స్థలాలు ఖరారు చేయాలి." నాలుగో గడి సరిగ్గా ఉంది. సంతకం పడింది.

బ్యాంకువాళ్లు విచిత్రమైన మనుషులు. మూడో గడి మాత్రమే చదివారు. ఎస్టిమేటు వెనక్కి వచ్చింది. జూలైలో ఒకే తపాలాలో గోవింద్‌కి రెండు కాగితాలు అందాయి. ఒకటి, నిర్లక్ష్యానికి సంజాయిషీ కోరుతూ మెమో. రెండోది, రెండో దశ గెడ్డలు నడిచి గుర్తులు పెట్టడానికి తగిన అనుభవజ్ఞుడిగా ఆయన్నే నియమిస్తూ ఉత్తర్వు. రెండింటి కిందా ఒకే సంతకం.

వాన సన్నగా పడుతోంది. గొడుగు కింద దానమ్మ ముందు నడుస్తోంది, వెనకాల గోవింద్ సున్నం డబ్బాతో జారుతూ నడుస్తున్నాడు. ఆమె పుట్టిల్లు ఈ గెడ్డ ఒడ్డునే. మోకాలి లోతు నీళ్లలో దిగి కర్ర పాతింది.

"ఇదిగో, ఇక్కడ. అటు సూడకు, అది పల్లం, మొన్న మట్టి తవ్వుకున్నారు."

"ఖాయమా అప్పా?"

"నీళ్లు నా కాళ్లు లాగేస్తన్నాయి, ఇంకా ఏటి ఖాయం? రాసుకో. కింద నీ పేరు కూడా రాసుకో, అలవాటైపోనాది కదా."

గోవింద్ తడిసిన రిజిస్టరు తెరిచాడు. "నీరు ఇచ్చటనే వచ్చుచున్నది," అని రాశాడు. "స్థానికురాలు" అని రాయబోయి ఆగి, దానమ్మ అని పేరే రాశాడు. కింద తన పేరు, హోదా.