నేత్ర వీడియోని ఎవురెంతసేపు చూసిరి

పరగోడు పాల సంఘానికి పదమూడేండ్లు అధ్యక్షుణ్ణి నేను. చదివింది ఏడో తరగతే, అయినా ఊరికి బస్సు తెప్పించినోణ్ణి. పని చేయించేది నాకు తెలుసనే ధీమానే మా మనవరాలు నేత్ర బతుకు మీదికి తెచ్చె.

నేత్రది చింతామణిలో కిశోర్ అనే ఆయన దగ్గర పని. రైతులకి పంటల సంగతులు విడమరిచి చెప్పే వీడియోలు వాళ్లవి. ప్రతిదీ ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. తెలుగు రాసేదీ చెప్పేదీ నేత్రే. తండ్రి లేని పిల్ల, ఆ జీతంతోనే ఇల్లు నడుపుతాండాది. రెండు భాషలూ మోయలేమని, జనం యాది ఎక్కువసేపు చూస్తే అదే ఉంచుతామని కిశోర్ అనె. తెలుగు ఆగిపోతే నేత్ర ఇంట్లో కూర్చోవల్ల.

నేనూరికే ఉంటానా? టమాటా ఆకుముడత తెలుగు వీడియోని మా బంధువుల వాట్సాప్ గుంపులన్నిటికీ పంపిస్తి. "మా పాపది, లైక్ కొట్టండి" అని రాస్తి. ఎనిమిదినూర్ల మంది తెరిచిరి.

వారానికి ఆఫీసుకి పోతే నేత్ర మొగంలో నెత్తురు లేదు.

"వ్యూలు పదకొండునూర్లంట కదా పాపా!"

"వ్యూలు కాదప్పా, ఎంతసేపు చూసిరనేది కావల్ల," అనె కిశోర్. "ఇంగ్లీషు ఆరు నిమిషాలది, సగటున రెండు నిమిషాల ఇరవై సెకన్లు చూసిరి. తెలుగు ఏడు నిమిషాలది, ఒక నిమిషం పదైదు సెకన్లే. చూసేవాళ్ల లెక్క చూపించే ఈ గీత మొదట్లోనే దభీమని పడింది, చూడండి."

మావాళ్ల సంగతి నాకు తెలీదా? పెండ్లికి పోయి అక్షింతలేసి బస్సు పట్టుకొన్నట్టు, లైకు కొట్టి మూసేసినారు. పెద్దోడు పంపినాడని చేసిన మర్యాద అది! చెప్తే నా పరువు పోతుంది. చెప్పకుంటే పిల్ల పని పోతుంది. సంఘం మీటింగుల్లో ఏ పొద్దూ తప్పు ఒప్పుకోనోణ్ణి, ఆ పొద్దు ఒప్పుకొంటి.

"తప్పు నాదప్పా. నేనే బంధువుల వాట్సాప్ గుంపులకి పంపిస్తి."

"తాతా!" అని నేత్ర మొగం కప్పుకొనె.

కిశోర్ వీడియో యాడ నుంచి తెరిచిరనే పట్టీ తీసి, వాట్సాప్ నుంచి వచ్చినోళ్లని పక్కనబెట్టె. మిగిలింది మున్నూరు మంది. వాళ్ల సగటు నాలుగు నిమిషాలు దాటింది. ఇంగ్లీషుకి అట్లే తీస్తే అంకె కదల్లేదు.

"మున్నూరు తక్కువే," అనె. నేను పంపని పాత వీడియోలు రెండు తీసి చూసె. వాటిలోనూ తెలుగే ఎక్కువసేపు.

"సరే, తెలుగే ఉంచుతాం. మీరు మాత్రం ఇంగ ఎవురికీ పంపొద్దప్పా, కాళ్లు పట్టుకొంటా."

నేత్ర మైకు ముందర కూర్చొనె. మొదటి మాటే మూడుసార్లు చెప్పవలసి వచ్చె. నేను బయట మెట్లమీద, ఫోను జేబులోంచి తీయకుండా కూర్చొంటి.