సిద్ధాంతగ్రంథం రైలెక్కింది

నా పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాన్ని పుస్తకంగా వేస్తానన్న మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. ఆయన కాపురం పాకాలలో, అచ్చాఫీసు తిరుపతిలో. రోజూ సాయంత్రం రైలెక్కి ఇంటికి పోతూ రాతప్రతులు చదివేవాడు. మొదటిరోజే షరతు చెప్పాడు.

"అమ్మా, ఎవురి రాతప్రతైనా నేను మూడుసార్లే సదివేది. అదీ రైల్లోనే. పాకాలలో దిగినాక బెంచీ మీద కూర్చోని ఫోన్ చేస్తా. మూడోసారి కూడా కాదంటే ఇంక నన్ను అడగొద్దు."

మూడు అవకాశాలంటే చాలా ఎక్కువనుకున్నాను. యూనివర్సిటీ మెచ్చిన గ్రంథం. చిత్తూరు ప్రాంతంలో బెల్లం వండేవాళ్ళ మాటల మీద ఆరేళ్ళు చేసిన పని. నల్ల రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. నాలుగు కాపీల్లో ఒకటి యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. దాన్ని ఎవరైనా తీశారేమోనని నేనే రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. తీయలేదు.

అసలు ఆ మాటల్లో సగం మా నాయనవి. పాకాలకూ చిత్తూరుకూ మధ్య ఉన్న మా ఊళ్ళో ఆయన ముప్ఫై ఏళ్ళు చెరుకురసం కాచే పెద్ద పెనం కాడ నిలబడి బెల్లం వండినాడు. సిద్ధాంతగ్రంథంలో మాత్రం ఆయన నా నాయన కాదు, "మూడవ సమాచారదాత". అనుబంధంలో పట్టిక ఉంటుంది, అందులో వయసు, వృత్తి, గ్రామం. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా తలుపు తట్టి, "మూడో నెంబరు వచ్చినాడు, కాఫీ పెట్టు" అనడం మొదలుపెట్టాడు. నేను నవ్వేదాన్ని గానీ లోపల ఎక్కడో గుచ్చుకునేది. పుస్తకం వస్తే ఆయన మనిషిగా కనబడాలి. నాకు కావలసింది అదొక్కటే.

మొదటిసారి పెద్దగా కష్టపడలేదు. ధ్రువీకరణ పత్రం, ప్రకటన పత్రం తీసేశాను. పుస్తకంగా వేసుకోవడానికి యూనివర్సిటీ అనుమతి ఉత్తరం తెచ్చుకున్నాను. పేరులో "ఒక పరిశీలన" కొట్టేశాను. ఇంకేముంది, పుస్తకమైపోయిందని మొదటి అరవై పేజీలు ఇచ్చి పంపాను. ఆయన పాకాల నుంచి ఫోన్ చేయలేదు. మర్నాడు కాగితాలే తిరిగొచ్చాయి. నాలుగో పేజీ అంచున పెన్సిలుతో, తిరుపతి దాటగానే వచ్చే స్టేషను పేరు, "చంద్రగిరి" అని రాసుంది. దాని కింద "నిద్ర" అని. తర్వాతి పేజీల మీద ఒక్క గీత కూడా లేదు.

నాకు ఒళ్ళు మండింది. అచ్చాఫీసుకు పోయి నిలదీశాను.

"ఏం సార్, పూర్వ పరిశోధనల సమీక్ష అంత బాగా రాస్తే నిద్రపోతారా?"

"అందుకే పోయినా" అన్నాడాయన. "నీకంటే ముందు ఎవురెవురు ఏమేం రాసినారో నాకెందుకమ్మా? నువ్వు రాసింది నాకు కావల్ల. ప్రతి అధ్యాయం మొదట్లో ఏం చెప్పబోతా ఉండావో చెప్తావు, మధ్యలో చెప్తావు, కడాకు ఏం చెప్పినావో మళ్ళా చెప్తావు. పెండ్లిపత్రిక మూడుసార్లు ఇస్తే భోజనం ఒకటేసారి గదా పెట్టేది!"

నవ్వాపుకోలేక కోపం మరిచిపోయాను. ఇంటికొచ్చి కత్తెర పట్టాను. సమీక్ష అధ్యాయం మొత్తం పోయింది. అందులో నిజంగా పనికొచ్చే నాలుగు మాటలు చివరి గమనికల్లోకి దూరాయి. పరిశోధన పద్ధతి, లక్ష్యాలు, పరికల్పన, అధ్యాయ విభజన ఒక్కొక్కటే పోతుంటే చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు ఊడ్చుకున్నంత హాయిగా అనిపించింది. "ఈ అధ్యాయంలో వివరించడం జరిగింది" అనే వాక్యాలు కనబడినవి కనబడినట్టు కొట్టేశాను. పేజీలు మూడోవంతు తగ్గాయి. నా గైడు మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆమె, "నా దగ్గర చేసినప్పుడు ఇవన్నీ నేనే రాయించినాను గదమ్మా" అని పకపకా నవ్వింది.

రెండోసారి ఆయన పాకాల దాకా చదివాడు. బెంచీ మీద నుంచి ఫోన్ కూడా చేశాడు.

"నిద్ర రాలేదమ్మా. అయితే ఒక సంగతి. ఈ పుస్తకంలో ఎవురో ఒకాయన కూర్చోనుండాడు. నువ్వు మాట మాటకూ ఆయన మొగం చూస్తా ఉండావు. 'అని భావించడానికి ఆస్కారం ఉంది' అంటావు, 'కాదనలేం' అంటావు. ఎవురాయన?"

ఆయన ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది. నా వైవాకు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు! ఆరోజు రెండు ప్రశ్నలడిగి, "ఇంటిబెల్లం" అనే మాటను బాగా పట్టారని మెచ్చుకొని, భోజనం చేసి వెళ్ళిపోయాడు. కొనేవాళ్ళకు పంపకుండా ఇంటి వాడకానికి అట్టిపెట్టే ముదురు రంగు బెల్లాన్ని ఇంటిబెల్లం అంటారు. ఆ మాట చెప్పింది మూడవ సమాచారదాత ఒక్కడే. ఆ పెద్దమనిషి వెళ్ళిపోయి ఇన్నాళ్ళయినా నేను ఆయన ఎదురుగా చేతులు కట్టుకొని నిలబడే రాస్తున్నాను. పరీక్ష అయిపోయిన సంగతి నాకు ఎవరూ చెప్పనట్టుంది.

"మరి ఎవరికి రాయాలి సార్?" అన్నాను.

"రైల్లో నా పక్కన కూర్చునే పాలాయనకు రాయి. ఇంక ఒకటేసారి ఉండాది, మరిచిపోవద్దు."

పాలాయన నాకు తెలియదు. అందుకని నాయనను ఎదురుగా కూర్చోబెట్టుకొని చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆయన రెండు పేజీలు గమ్మున విన్నాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"పాపా, ఇంకా చెరుకే కొట్టలేదు, అప్పుడే అచ్చు పోసేస్తా ఉండావే?"

నిజమే. నా అధ్యాయాలు నామవాచకాలు, క్రియలు, అరువు పదాలు అని నడిచాయి. అచ్చు, గానుగ, పెనం పక్కపక్కనే అకారాది క్రమంలో కూర్చుంటే వాటి మధ్య ఒక పగలంతా మండిన మంట ఏమైపోయింది? పరీక్షకులకు అది అడ్డం రాలేదు. వాళ్ళు వర్గీకరణ చూశారు. నాయన బెల్లం చూశాడు.

అన్నీ విప్పేశాను. ఒక రోజు వంటను పుస్తకమంతా పరిచాను. తెల్లారి చెరుకు కోత మొదటి అధ్యాయం. తర్వాత గానుగ, మంట, పెనంలో తేలే మడ్డి తీయడం, పాకం, చివర అచ్చు. అరువు పదాల అధ్యాయం అసలే లేకుండా పోయింది. తమిళం నుంచి వచ్చిన మాటలన్నీ ఎవరి చేతిలోని పని దగ్గర వాళ్ళ నోట్లోనే పలికాయి. సమాచారదాతల పట్టిక పోయి వాళ్ళంతా మనుషులుగా పెనం చుట్టూ వచ్చి నిలబడ్డారు. ఇంట్లో గంతులేశానంటే అతిశయోక్తి కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టించుకోలేదు.

పీఠిక ఆఖరున రాశాను. పాతది "భాష సామాజిక సంపద" అని మొదలయ్యేది. కొత్తది నా ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నంతో మొదలుపెట్టాను. గానుగ ఇంజను బెల్టు తెగింది. నాయన పెనం కాడ నన్ను నిలబెట్టి, బుడగలు చిన్నవైతే పిలవమని చెప్పి బెల్టు వేయడానికి పోయినాడు. బుడగలు చిన్నవయ్యాయి. నేను పిలిచాను. ఇంజను మళ్ళీ మొదలై ఆ మోతలో నా గొంతు నాకే వినబడలేదు. పీఠిక అక్కడే ఆపేశాను. తర్వాతి సంగతి అయిదో అధ్యాయంలో, పాకం దగ్గర వస్తుంది. నాయన సమయానికి వచ్చి మంట లాగేశాడు, బెల్లం దక్కింది. చిన్నప్పటి నుంచి ఆయన నాకు చెప్పింది అదే.

మూడోసారి పీఠిక, మొదటి రెండు అధ్యాయాలు ఇచ్చి పంపాను. ఆ సాయంత్రం నాయన మా ఇంట్లోనే ఉన్నాడు. రైలు పాకాల చేరే వేళ అయింది. ఫోన్ రాలేదు. ఇంకో ముప్పావుగంట చూశాను. రాలేదు. మళ్ళీ నిద్రపోయాడేమో, ఈసారి చెప్పడానికి మొగమాటపడి ఇంటికి పోయాడేమో. ఇంక అయిపోయింది అనుకున్నాను. నాయన పక్కన కూర్చోని పప్పు బెల్లం నములుతూ, "పోతే పోనీలే పాపా" అన్నాడు. ఏడుపొచ్చింది.

అప్పుడు మోగింది.

"యాడుండారు సార్?" అన్నాను. కంగారులో నా నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది.

"చిత్తూరులో!" అని అరిచాడాయన. "పాకాల ఎప్పుడు పోయిందో తెలిస్తే ఒట్టు. ఇరవై ఏండ్లుగా ఈ బండిలో పోతా ఉండా, ఒక్కనాడూ ఇట్ల జరగలేదు. ఇంట్లో నేను తీసకపోయే కూరగాయల కోసం కాచుకోనుండారు. అది సరే, ఆ పెనం ఏమైందమ్మా? మాడిందా, లేదా? నువ్వు ఆ సంగతి ఆడ ఆపేసి చెరుకు కోతకు పోతివి!"

నేను గాల్లో తేలుతూ ఫోన్ స్పీకర్లో పెట్టాను. చెప్పబోతుంటే నాయన ముందుకు వంగాడు.

"ఆ పెనం నాదే సామీ" అన్నాడు. మూడో నెంబరు అనలేదు. "మాడింది. నేను వచ్చేసరికే మాడిపోయినాది."

నేను నాయన వైపు చూశాను. ఆయన నన్ను చూడకుండా ఫోన్‌తోనే మాట్లాడుతున్నాడు.

"బిడ్డ భయపడి నిలబడుండాది సామీ. పరిగెత్తుకోని వచ్చి దాని మొగం చూసి, మాడలేదులే, ఇది ఇంటిబెల్లం, మనకోసరం ఇట్లనే ముదురుగా వొండుకుంటాం అని చెప్పినా. ఆ యేడంతా మేమే తిన్న్యాం."

"అంటే ఆ మాట..." అన్నాను.

"మాటేం లేదు పాపా. మా పెనం కాడ ఎవురూ అట్ల అనరు. నువ్వు ఏడుస్తావని అప్పటికప్పుడు చెప్పినా. మళ్ళా నువ్వు పెద్దయి కాగితంలో రాసుకుంటా ఉంటివి, అప్పుడు ఎట్ల చెప్పేది?"

యూనివర్సిటీ ఆమోదించిన మాట. పరీక్షకుడు మెచ్చుకున్న మాట. ఎనిమిదేళ్ళ నా కోసం మా నాయన పొగలో నిలబడి కల్పించిన మాట. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చి రెండూ సరిగా రాలేదు.

"సార్, అయిదో అధ్యాయంలో ఆ మాట తీసేస్తాను. అది తప్పు" అన్నాను ఎట్లాగో.

"తీసినావంటే నేను పుస్తకం వేయను" అన్నాడాయన చిత్తూరు ప్లాట్‌ఫారం మీద నుంచి. "అయిదో అధ్యాయం మళ్ళా రాయి. ఇప్పుడు మీ నాయన చెప్పినట్లే రాయి. మిగతా కాగితాలు రేపు అచ్చాఫీసుకు తీసకరా, నేను ఇంక వాటిని రైల్లో సదవను."

ఫోన్ పెట్టేశాక నాయన లేచి, నా బల్ల మీద నుంచి పెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను అయిదో అధ్యాయం తీసి, "బెల్లం దక్కింది" అన్న వాక్యం కొట్టేశాను.