ముందు కుక్క, తర్వాత కొట్టకు

పద్యాల మాస్టారు సాయంత్రం తరగతికి వచ్చేసరికే సగం అరిగిపోయి ఉంటారు. కుర్చీలో కూలబడి, కళ్లు మూసుకునే, గురువుకు గుప్పిట, లఘువుకు వేలు బల్లకు ఆనించి లెక్కపెడతారు. గుమ్మంలో పడుకునే బక్క కుక్కను బంట్రోతు రోజూ కర్రతో తరుముతాడు. వద్దనే ఓపిక ఆయనకు లేదు. ఆ రోజు దర్జీపని చేసే శిష్యురాలు తేటగీతి పాదాన్ని “కొట్టకు” అని మొదలుపెట్టింది.

“మొదట సూర్యగణం రావాలమ్మా. ‘కొట్టకు’ ఒక గురువు, రెండు లఘువులు, అది ఇంద్రగణం. ‘కొట్టు’ అయితే సరిపోతుంది.” “అప్పుడది బంట్రోతు పద్యమవుతుంది కదా మాస్టారూ,” అందామె. తరగతి నవ్వింది. ఆయన కళ్లు తెరిచారు. “అయితే ముందు కుక్కను చూడు. ‘కుక్కఁ’ సూర్యగణం. తర్వాత రెండు ఇంద్రగణాలు: ‘గొట్టకు’, ‘వచ్చినఁ’. చివర రెండు సూర్యగణాలు. వాటిలో మొదటిదాని తొలి అక్షరానికి ‘కు’తో యతి కుదరాలి.” “కూడు పెట్టు,” అందామె. “ఇక్కడ కూడు గూడవుతుంది. యతి చెల్లింది,” అంటూ ఆయన పాదమంతా చదివారు:

కుక్కఁ గొట్టకు వచ్చినఁ గూడు పెట్టు

గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. మాస్టారు తన టిఫిన్ డబ్బా పట్టుకుని బరువుగా లేచారు. “ఆగవయ్యా,” అన్నారు బంట్రోతుతో, “యతి తప్పుతుంది.”